టైలు పగలకుండా టవల్ రాడ్డు

కొత్త ఫ్లాటులో రంగులు, కరెంటు, ప్లంబింగు అన్నీ పూర్తయ్యాక చివరికి మిగిలేది బాత్రూమ్ సామాను బిగించడం. ఒక టవల్ రాడ్డు, రెండు బట్టల హుక్కులు, కమోడ్ పక్కన ఒక టిష్యూ హోల్డరు. అంతా కలిపి అరపూట పని. ఎన్నో వేలు పోసి వేయించిన టైళ్లకు ప్రాణసంకటం మాత్రం ఆ అరపూటలోనే ఉంటుంది. డ్రిల్లు ఆపి దుమ్ము తుడిచేసరికి రంధ్రం నుంచి టైలు అంచు దాకా వెంట్రుకంత గీత తేలుతుంది. ఒక్కోసారి అప్పుడేమీ కనబడదు. స్క్రూ చివరి చుట్టు తిప్పుతుండగా ‘టిక్’మని చిన్న చప్పుడు వస్తుంది. తర్వాత దుకాణానికి వెళ్తే అదే డిజైను దొరికినా, బ్యాచ్ మారితే రంగులో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

రంధ్రం చేయడం వల్లే టైలు పగులుతుందని చాలామంది అనుకుంటారు. అసలు కారణాలు మూడు. డ్రిల్లు మిషను దెబ్బ, టైలు వెనక డొల్ల, టైలు మందంలోనే ఉబ్బిపోయే ప్లగ్గు. కాల్చిన మట్టితో చేసిన టైలు నొక్కితే బాగా తట్టుకుంటుంది. విడదీసే బలానికి మాత్రం తొందరగా లొంగిపోతుంది. ఈ మూడూ దాన్ని వంచేవో, విడదీసేవో.

మొదట డొల్ల సంగతి. సిమెంటు టైలు వెనకంతా సమంగా పట్టకపోతే మూలల్లోనో మధ్యలోనో ఖాళీ మిగులుతుంది. గుర్తుపెట్టిన చోట రూపాయి బిళ్లతో మెల్లగా కొట్టి చూస్తే తెలిసిపోతుంది. సిమెంటు పట్టిన చోట చప్పుడు బరువుగా, పొట్టిగా ఉంటుంది; ఖాళీ ఉన్న చోట బోలుగా మోగుతుంది. డొల్ల మీద ఉన్న టైలు గుంట మీద పరిచిన పలకలాంటిది. డ్రిల్లుతో నొక్కినా, తర్వాత స్క్రూ బిగించినా లోపలికి వంగుతుంది. కాబట్టి బోలుగా మోగిన చోటు వదిలేసి నాలుగు అంగుళాలు పక్కకు జరగడం మేలు.

ఇప్పుడొక మామూలు అపార్ట్‌మెంట్ బాత్రూమ్ తీసుకుందాం. ఇటుక గోడ. 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తున్న గ్లేజు టైళ్లు నిలువుగా వేశారు. బిగించాల్సింది రెండు కాళ్ల మధ్య 24 అంగుళాలున్న టవల్ రాడ్డు. టవల్ రాడ్డు నేల నుంచి నాలుగడుగుల ఎత్తులో ఉంటే పెద్దలకు అందుబాటుగా ఉంటుంది. కింది నుంచి లెక్కేస్తే టైళ్ల అతుకులు 18, 36, 54 అంగుళాల దగ్గర వస్తాయి. 48 అంగుళాల ఎత్తు మూడో వరుసలో, పై అతుక్కి ఆరు అంగుళాల కింద పడుతుంది. ఇక అడ్డంగా చూస్తే, మొదటి రంధ్రం ఒక టైలుకు నట్టనడుమ పెడితే 24 అంగుళాల అవతల రెండోది మూడో టైలుకు నట్టనడుమే వస్తుంది. రెండూ అంచులకు దూరంగా ఉన్నాయి. ఇదే ముఖ్యం. అంచుకు అంగుళంలోపు చేసిన రంధ్రం నుంచి పగులు అంచును ఇట్టే చేరుతుంది.

అతుకులో రంధ్రం చేస్తే టైలు జోలికి పోనక్కర్లేదు కదా అన్న ఆలోచన చాలామందికి వస్తుంది. ఇళ్లలో అతుకు మందం సాధారణంగా రెండు మూడు మిల్లీమీటర్లు. ఆరు మిల్లీమీటర్ల బిట్టు అందులో ఎలా పడుతుంది? అటూ ఇటూ రెండు టైళ్ల అంచుల్నీ కొరికేస్తుంది. ఒకటి పోయే చోట రెండు పోతాయి.

టైలు లోపల ఏముందో కూడా చూసుకోవాలి. కుళాయికి, షవరుకు, గీజరుకు సరిగ్గా పైనా కిందా, అదే ఎత్తులో పక్కలకూ పైపులు ఉండే అవకాశం ఎక్కువ. గీజరు స్విచ్చు దగ్గర్నుంచి వైర్లూ అలాగే నిలువుగానో అడ్డంగానో వెళ్తాయి. టైళ్లు వేయకముందు గోడల ఫొటోలు తీసి పెట్టుకున్నవాళ్లకు ఈ బెంగ ఉండదు. తీయనివాళ్లు ఆ దారుల్లో రంధ్రం పెట్టకపోవడమే దిక్కు.

ఇక డ్రిల్లింగు. మిషను మీద సుత్తి బొమ్మ ఒకటి, బిట్టు బొమ్మ ఒకటి ఉంటాయి. సుత్తి బొమ్మ వైపు ఉంటే బిట్టు తిరగడమే కాక నిమిషానికి వేలసార్లు ముందుకు పొడుస్తుంది. కాంక్రీటుకు అది కావాలి, టైలుకు పనికిరాదు. టైలు దాటేవరకూ మీట బిట్టు బొమ్మ వైపే ఉండాలి. మార్కు మీద మాస్కింగ్ టేపు అంటిస్తే నున్నటి గ్లేజు మీద మొన జారదు. వేగం తక్కువగా మొదలుపెట్టి, గ్లేజు మీద చిన్న గుంట పడ్డాక కొంచెం పెంచాలి.

గోడకు వేసే మామూలు గ్లేజు టైలు పైపొర గట్టిది గానీ లోపలి మట్టి మెత్తన. ఈటె మొనలాంటి కార్బైడ్ టైలు బిట్టు దీనికి సరిపోతుంది. విట్రిఫైడ్ టైలు అలా కాదు, ఆసాంతం గట్టిదే. మామూలు బిట్టు పెడితే చాలాసేపు అరుస్తూ తిరిగి ఎర్రగా కాలుతుందే తప్ప లోపలికి దిగదు. విసుగొచ్చి ఎవరో ఒకరు సుత్తి మోడ్‌కు మారుస్తారు, టైలు పోతుంది. విట్రిఫైడ్‌కు గొట్టంలా ఉండే డైమండ్ బిట్టు కావాలి. దాన్ని కాస్త వాలుగా ఆనించి, అర్ధచంద్రంలా గాడి పడ్డాక మెల్లగా నిటారుగా తేవాలి. పక్కనొకరు సీసాతో కొద్దికొద్దిగా నీళ్లు చల్లుతూ ఉండాలి, మిషనులోకి పోకుండా.

మొన ఎంతవరకు వెళ్లిందో దుమ్ము చెబుతుంది. మొదట వచ్చేది టైలు మట్టి పొడి, తెల్లగానో లేత ఎరుపుగానో. తర్వాత బూడిదరంగు వచ్చిందంటే సిమెంటు చేరినట్టు. ఆపైన ముదురు ఎరుపు పొడి రాలితే ఇటుక తగిలినట్టు. అక్కడిదాకా వచ్చాక, గోడ మొండికేస్తేనే సుత్తి మోడ్ గురించి ఆలోచించాలి. తడి దుమ్ము వస్తే మాత్రం వెంటనే ఆపేయాలి. లోపల పైపో, ఊటో ఉంది. ఈమధ్య అపార్ట్‌మెంట్లలో వాడే తేలికపాటి ఏఏసీ బ్లాకులైతే బిట్టు వెన్నలోకి దిగినట్టు దిగుతుంది. అక్కడ సుత్తి మోడ్ అసలు వాడకూడదు, పొడవాటి ప్లగ్గులు వేయాలి.

ఈ ప్లగ్గుకు వందేళ్లకు పైబడిన కథ ఉంది. 1911 ప్రాంతంలో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో గోడలు చెడకుండా కరెంటు సామాను బిగించే పని జాన్ జోసెఫ్ రాలింగ్స్‌కు వచ్చింది. జనపనారను జంతువుల రక్తంతో గట్టిపరచి ఆయన చేసిన ముక్కే మనవాళ్లు నేటికీ రావల్ ప్లగ్ అని పిలిచేది. 1958లో జర్మనీకి చెందిన ఆర్టుర్ ఫిషర్ దాన్ని నైలాన్‌లోకి తెచ్చారు. స్క్రూ దిగుతుంటే అది చీలి, ఉబ్బి, రంధ్రం గోడల్ని పట్టుకుంటుంది.

ఆ ఉబ్బడమే టైలుకు ప్రమాదం. మన బాత్రూములో టైలు మందం 8 మిల్లీమీటర్లు, వెనక సిమెంటు 12 అనుకుందాం. 30 మిల్లీమీటర్ల ప్లగ్గును టైలుతో సమంగా ఆపితే, దాని మొదటి భాగం టైల్లోనే ఉండి, స్క్రూ దిగేకొద్దీ టైలును లోపలి నుంచి విడదీస్తుంది. ‘టిక్’మన్న చప్పుడు అదే. ప్లగ్గును టైలు దాటించి, ఉపరితలానికి 10 మిల్లీమీటర్ల లోపలికి నెట్టాలి. పాత స్క్రూ ఒకటి దానికి సగం తిప్పి సుత్తితో మెల్లగా కొడితే దిగుతుంది. అందుకు రంధ్రం 50 మిల్లీమీటర్ల లోతుండాలి. స్క్రూ కూడా 50 ఉండాలి. డబ్బాలో వచ్చేవి తరచూ పొట్టిగా ఉంటాయి కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలువి విడిగా కొనుక్కోవడం మంచిది. ఇంకో జాగ్రత్త ఉంది. టైలు వరకు 8 మిల్లీమీటర్ల బిట్టుతోనూ, గోడలో 6 మిల్లీమీటర్లతోనూ చేస్తే 6 మిల్లీమీటర్ల ప్లగ్గు టైలుకు తగలకుండా దిగిపోతుంది. ఆ కాస్త పెద్ద రంధ్రం రాడ్డు పళ్లెం కింద దాగిపోతుంది.

రెండు రంధ్రాలూ ఒకేసారి చేసేస్తే రాడ్డు సరిపడకపోవచ్చు. ఒక కాలు బిగించి, రాడ్డు ఆనించి, పైన లెవెల్ గొట్టం పెట్టి రెండోది గుర్తు పెట్టుకోవాలి. స్క్రూలు వేసేముందు రంధ్రంలో కొంచెం న్యూట్రల్ సిలికాన్ పిండితే నీళ్లు గోడలోకి ఇంకవు. వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ ఇత్తడికీ పూతలకూ పడదు. చివరి బిగింపు మిషనుతో కాదు, చేతి స్క్రూడ్రైవరుతో. పళ్లెం కదలడం ఆగగానే చాలు.

హుక్కు, టిష్యూ హోల్డరు ఇదే పద్ధతి. ఇవే టైళ్ల మీద 63 అంగుళాల ఎత్తులో హుక్కు, 27 అంగుళాల ఎత్తులో హోల్డరు పెడితే రెండూ టైలు నడిమధ్యనే పడతాయి. హోల్డరు కమోడ్ ముందంచుకు ఎనిమిది పది అంగుళాల ముందుండాలి. హెల్త్ ఫాసెట్ ఉన్న వైపు కాకుండా రెండో వైపు పెడితే రోల్ తడవదు.

అద్దె ఇంట్లో రంధ్రం వద్దంటే అంటించే రకాలున్నాయి. గరుకు టైలుకు అవి పట్టవు. సిలికాన్‌తో అంటిస్తే లోహం, గ్లేజు రెండూ గాలి పీల్చనివి కనుక మధ్యభాగం ఆరడానికి రోజులు పడుతుంది. వెనకంతా పులమకుండా గీతలుగా వేస్తే మేలు. తువ్వాలుకో చొక్కాకో హుక్కు సరే గానీ, తడి తువ్వాళ్లు రెండు మోసే పొడుగు రాడ్డుకు స్క్రూలే నమ్మకం.

ఏ పద్ధతిలో బిగించినా టవల్ రాడ్డు పట్టుకుని లేవడానికి కాదు. ఇంట్లో పెద్దవాళ్లు కమోడ్ మీద నుంచి లేస్తూ అందిన దాన్ని పట్టుకుంటారు, ఆ బరువంతా ముందుకు లాగుతుంది. రాడ్డు గోడ నుంచి రెండు మూడు అంగుళాలు బయటికి ఉంటుంది కనుక ఆ లాగుడు మీటలా పనిచేసి, ప్లగ్గులను ఊడబెరికి టైలు ముక్కను కూడా తెస్తుంది. పెద్దవాళ్లున్న ఇంట్లో దానికి దగ్గరగానే విడిగా గ్రాబ్ బార్ వేయించాలి. ఒక్కో చివర మూడు స్క్రూలు పట్టే పళ్లెం ఉన్నది చూసి, గట్టి ఇటుకలోనో కాంక్రీటులోనో దించాలి. గోడ ఏఏసీ బ్లాకుదైతే ఆ బ్లాకులకని చేసిన యాంకర్లు కావాలి, మామూలు నైలాన్ ప్లగ్గు మనిషి బరువుకు నిలవదు.