ఏడాది మధ్యలో ఉద్యోగం మారారా? రిటర్ను వేసే ముందు ఈ లెక్క చూడండి

నెలనెలా జీతంలో పన్ను కోత లేకపోతే కట్టాల్సిన పన్నే లేదనుకుంటాం. ఏడాది మధ్యలో కంపెనీ మారినవాళ్ల విషయంలో ఇది చాలాసార్లు నిజం కాదు.

హైదరాబాద్‌లో ఒక ఉద్యోగిని ఊహించుకుందాం. 2025 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒక కంపెనీలో 6 లక్షలు, అక్టోబరు నుంచి మార్చి దాకా మరో కంపెనీలో 8 లక్షలు జీతం వచ్చింది. ఆయన కొత్త పన్ను విధానంలో ఉన్నారు. మొదటి కంపెనీ ఏడాది జీతం 12 లక్షలని అంచనా వేసి, అందులో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేసింది. మిగిలింది 12 లక్షల లోపే కాబట్టి రిబేటు వర్తించి పన్ను సున్నా అయింది. రెండో కంపెనీకి తానిచ్చే 8 లక్షల సంగతే తెలుసు. అక్కడా సున్నాయే.

రిటర్నులో మాత్రం రెండు జీతాలూ కలపాలి. 14 లక్షల్లో 75,000 ఒక్కసారే తీసేయాలి. మిగిలిన 13.25 లక్షలు రిబేటు పరిధి దాటింది. శ్లాబుల ప్రకారం పన్ను 78,750, దానిపై 4 శాతం సెస్సు కలిపితే 81,900 రూపాయలు. ముందస్తు పన్ను కట్టలేదు కనుక ఏప్రిల్ నుంచి నెలకు ఒక శాతం వడ్డీ పడుతుంది. జూలైలో కడితే ఆ వడ్డీ 3,276 రూపాయలు. వాయిదాలు తప్పినందుకు వేసే వడ్డీ దీనికి అదనం.

కొత్త కంపెనీలో చేరగానే పాత జీతం వివరాలను 12బి ఫారంలో ఇచ్చి ఉంటే ఆ పన్ను నెలనెలా కొంచెం కొంచెంగా కోతలోనే పోయేది. మార్చి దాటాక ఆ దారి లేదు. రిటర్ను వేసే ముందు మనమే కట్టుకోవాలి.

దానికి రెండు కంపెనీల ఫారం 16లూ కావాలి. జూన్ 15కల్లా అవి చేతికి రావాలి. పన్ను కోయలేదు కాబట్టి కంపెనీ ఇవ్వకపోతే పే స్లిప్పులు దగ్గర పెట్టుకోండి. తర్వాత incometax.gov.in లో ఏఐఎస్ తెరిచి చూడండి. మనం మరచిపోయిన బ్యాంకు వడ్డీ అందులో కనిపిస్తుంది. అయితే అందులో లేని ఆదాయాన్ని వదిలేయవచ్చని కాదు. పోర్టల్ ముందే నింపి ఉంచిన అంకెలను చూడకుండా ఒప్పేసుకోవడం దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి.

పన్ను కట్టేటప్పుడు అసెస్‌మెంట్ ఇయర్ 2026-27 అని ఎంచుకోవాలి. 2025-26 ఆదాయమే కదా అని ఆ సంవత్సరాన్నే నొక్కితే డబ్బు వేరే ఏడాది ఖాతాలో పడుతుంది. చలానా వివరాలు రిటర్నులో చేరాయో లేదో చూసుకోండి.

గడువు జూలై 31. దాటితే డిసెంబరు 31 దాకా వేయవచ్చు గానీ, ఆదాయం 5 లక్షలు మించినవారికి 5,000 రూపాయల ఆలస్య రుసుము పడుతుంది. పాత విధానం ఎంచుకునే వీలూ పోతుంది. రిటర్ను పంపాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో ధ్రువీకరించండి. అది చేయకపోతే రిటర్ను వేసినట్టు లెక్కకు రాదు.