రిపోర్టంతా పచ్చగా ఉన్నా కాంట్రాక్టు పోతుంది

గచ్చిబౌలిలో ఒక ఐటీ కంపెనీ ఉద్యోగులకు క్యాబులు నడిపే ట్రావెల్స్ సంస్థ ఉందనుకుందాం. కాంట్రాక్టు మార్చి 31తో ముగుస్తుంది. వద్దనుకుంటే 60 రోజుల ముందే చెప్పాలన్నది షరతు. అంటే జనవరి నెలాఖరుకల్లా క్లయింటు ఒక నిర్ణయానికి వచ్చేస్తాడు. వేరేచోట కొటేషన్లు తెప్పించుకునేది అంతకన్నా ముందే. కాబట్టి అసలు పరీక్ష జనవరి రివ్యూ కాదు, అక్టోబరులో జరిగేది.

ఆ మీటింగుకు మామూలుగా పట్టుకెళ్లే లెక్క ఇలా ఉంటుంది: మూడు నెలల్లో 20,000 ట్రిప్పులు, 96 శాతం సమయానికే చేరాయి, ఒప్పందం ప్రకారం 95 చాలు. స్లైడు నిండా పచ్చరంగు. అయినా ఎదుటివాళ్ల ముఖాలు విచ్చుకోవు. ఇలాంటి రిపోర్టును ఈ రంగంలో పుచ్చకాయ అంటారు. పైన పచ్చన, లోపల ఎరుపు.

ఆ ఎరుపు కనిపించాలంటే ఆలస్యమైన 800 ట్రిప్పులను షిఫ్టుల వారీగా విడదీయాలి. అందులో 480 ఉదయం ఆరు గంటల షిఫ్టువే అని తేలిందనుకోండి. ఆ షిఫ్టుకు నడిచినవి మొత్తం 2,400. అంటే ప్రతి ఐదింట్లో ఒకటి ఆలస్యం. ఆ టీమ్ మేనేజరుకు మీ 96 శాతంతో పనేముంది? కారణం వెతికితే డ్రైవర్ల బద్ధకం కాదు. రాత్రి షిఫ్టువాళ్లను నాలుగింటికి ఎల్బీనగర్‌లో దింపిన కారునే, ముప్పావుగంటలో ఊరి అవతలి కొసన మియాపూర్‌లో పికప్‌కు వేశారు. కారు వేళకు వెళ్లినా, డ్రైవరుకు కంటిమీద కునుకుండదు.

ఈ సంగతి మీటింగులో బాంబులా పేల్చకూడదు. వారం ముందే అడ్మిన్ మేనేజరుతో విడిగా కూర్చుని చెప్పాలి. తన పైవాళ్ల ముందు మొదటిసారి వింటే, రోజూ మీతో పనిచేసే ఆ మనిషే మీకు అడ్డం తిరుగుతాడు. మీటింగులో మాత్రం మొదటి స్లైడే ఆ షిఫ్టు గురించి ఉండాలి: ఉదయానికి విడిగా కార్లు, ఏ తేదీ నుంచి, అదనపు ఖర్చు ఎవరిది, ప్రతి సోమవారం ఆ షిఫ్టు లెక్క ఎవరికి వెళ్తుంది. అదే సాయంత్రం ఇవన్నీ మెయిల్లో రాసి పంపాలి.

రేటు తగ్గిస్తామని ముందుగా అనేవాళ్లు చాలామందే. నా లెక్కన అది తొందరపాటు. ఆలస్యం అలాగే ఉండి ధర మాత్రం తగ్గితే, ఇన్నాళ్లూ ఎక్కువ తీసుకున్నారనే అనుమానం మిగులుతుంది.

కొన్ని గుర్తులను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. సంతకం పెట్టే పెద్దమనిషి రెండు రివ్యూలకు వరుసగా రాకపోవడం, కొనుగోలు విభాగం ఉన్నట్టుండి మెయిళ్లలోకి రావడం, రూట్లు, పికప్ పాయింట్ల పూర్తి జాబితా ఎక్సెల్లో కావాలని అడగడం. ఆ జాబితాతో ఎక్కువ అవసరం కొత్త వెండరుకే. అప్పుడు తర్వాతి రివ్యూ దాకా ఆగకుండా, ఆ పెద్దమనిషినే అరగంట టైమ్ అడగాలి.