ఆసుపత్రికి నోటీసు: తేదీలూ గంటలూ ముఖ్యం

ఆసుపత్రి నిర్లక్ష్యంపై లీగల్ నోటీసు రాసేటప్పుడు చాలామంది ఆవేశమంతా మొదటి పేరాలోనే వెళ్లగక్కుతారు. అవతలి లాయరుకు కావలసిందీ అదే. నోటీసుకు బలమిచ్చేవి తేదీలూ, గంటలూ.

ఒక ఉదాహరణ చూద్దాం. కడుపునొప్పితో రాత్రి 9 గంటలకు రోగిని చేర్చారు. గ్యాస్ నొప్పేనని ఇంజెక్షన్ ఇచ్చారు. 2 గంటలకు జ్వరం, వాంతులు. నర్సుకు చెప్పినా డాక్టరు రాలేదు. పొద్దున 11కి స్కాన్ తీస్తే అపెండిక్స్ పగిలిపోయి ఉంది. నోటీసులో ఇదంతా ఇలాగే వరుసగా రాయాలి. ఫలితం చెడినంత మాత్రాన నిర్లక్ష్యం అయిపోదు. 2 నుంచి 11 దాకా చెయ్యాల్సినది ఏం చెయ్యలేదో చూపాలి.

ఆ గుట్టంతా కేస్ షీట్లో, నర్సుల చార్టులో ఉంటుంది. అందుకే వాటి నకళ్లు, స్కాన్ రిపోర్టు, ఆపరేషన్ నోట్సు, సంతకం చేయించుకున్న అంగీకార పత్రం, అన్నీ పేరుపేరునా నోటీసులోనే అడగాలి. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి.

నోటీసు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు: వినియోగదారుల కమిషన్లో ఫిర్యాదుకు గడువు 2 ఏళ్లే, నోటీసు పంపినంత మాత్రాన అది పెరగదు.