శాతాల వర్క్‌షీట్: ఒకే చొక్కా, మూడు లెక్కలు

శాతాల వర్క్‌షీట్‌ను మూడు స్థాయుల్లో తయారుచేసేటప్పుడు సందర్భం ఒకటే ఉంచడం మేలు: 800 రూపాయల చొక్కాపై 15 శాతం తగ్గింపు. ఆసరా కావాల్సిన పిల్లలకు పది సమాన గళ్ల పట్టీ గీసివ్వాలి. ఒక గడి 10 శాతం, అంటే 80 రూపాయలు; అందులో సగం 40; తగ్గింపు 120. మధ్యస్థాయికి పట్టీ ఉండదు. చెల్లించాల్సిన 680ని పిల్లలే కనుక్కోవాలి.

పై స్థాయికి పెద్ద అంకెలిస్తే శ్రమ పెరుగుతుంది తప్ప ఆలోచన పెరగదు. అక్కడ లెక్కనే తిప్పాలి: 15 శాతం తగ్గాక ధర 680 అయితే, అసలు ధర ఎంత? ఈ కాగితంపై 800 కనిపించకూడదు. 680లో 15 శాతాన్ని దానికే కలిపి 782 అని రాసిన విద్యార్థికి శాతం దేనిమీద కట్టాలో ఇంకా తెలియలేదన్నమాట. 680 అసలు ధరలో 85 శాతం. 85తో భాగిస్తే 1 శాతం 8 రూపాయలు, నూరు శాతం 800.