పాట మనదే.. మరి రికార్డు ఎవలది?

బతుకమ్మ పండుగ అయిన మూడో దినం మా పక్కూరి పిల్లగాడు ఫోన్ చేసిండు. "అన్నా, నా వీడియో మీద కాపీరైట్ పడ్డది. ఛానెల్ పోతదా?" అని అడిగిండు. గొంతుల భయం తెలుస్తున్నది. వాని యూట్యూబ్ ఛానెల్‌కు మానిటైజేషన్ వచ్చి నాలుగు నెలలే అయింది. సద్దుల బతుకమ్మ నాడు వాళ్ల వాడకట్టు అమ్మలక్కలు ఆడింది తొమ్మిది నిమిషాల వీడియో చేసి పెట్టిండు. అది బాగానే పోయింది. అంతల రెండు క్లెయిములు వచ్చినయ్.

ముందుగాల ఒక ముచ్చట అర్థం చేసుకోవాలె. క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. పాటల కంపెనీలు తమ రికార్డులను యూట్యూబ్‌ల 'కంటెంట్ ఐడీ' అనే ఏర్పాటుకు ఇచ్చి పెడతయి. మనం వీడియో ఎక్కియ్యంగనే మిషిన్ మన శబ్దాన్ని వాటితోని పోల్చి చూస్తది. కలిస్తే క్లెయిమ్ పడతది. అప్పుడు సాధారణంగా ఆ ఒక్క వీడియో మీద వచ్చే యాడ్ పైసలు కంపెనీకి పోతయి, కొన్నిసార్లు వీడియోనే కనపడకుండ ఆపుతరు. ఛానెల్‌కు మచ్చ రాదు. స్ట్రైక్ అంటే మాత్రం కంపెనీ చట్టప్రకారం వీడియో తీసేయమని అడిగినట్టు. 90 దినాలల్ల మూడు స్ట్రైకులు పడితే ఛానెల్ పోతది. మనోనికి పడ్డది క్లెయిములే.

స్టూడియోల ఆ వీడియో ఎదురుంగ Restrictions కాలమ్‌ల Copyright అని ఉంటది. See details నొక్కితే ఏ పాట, ఎవలు క్లెయిమ్ చేసిండ్రు, ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాక అన్నది కనపడతది. చానా మంది ఇది చూడకుండనే కోపంతోని డిస్ప్యూట్ నొక్కుతరు. నేను వానికి ముందు ఆ నిమిషాలు చూసి చెప్పుమన్న.

మొదటి క్లెయిమ్ 2:10 నుంచి 3:05 దాక. అక్కడ వెనుక డీజే బాక్సుల సినిమా పాట మోగుతున్నది. "అన్నా, నేను పెట్టలే, అది ఊరోళ్లు పెట్టిండ్రు" అన్నడు. నిజమే, గని వీడియోల ఉన్నది కంపెనీ రికార్డే. మన 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 మతపరమైన కార్యక్రమం కాడ, పెండ్లి ఊరేగింపు కాడ పాట వినిపించుకునేతందుకు మినహాయింపు ఇచ్చింది. అది అక్కడ వినిపించుడు వరకే. దాన్ని వీడియోల రికార్డు చేసి నెట్ల పెట్టి పైసలు సంపాదించుడుకు ఆ మినహాయింపు పనికిరాదు. పది సెకన్లే వాడిన, స్పీడ్ పెంచిన, కింద క్రెడిట్ ఇచ్చిన అనే మాటలు కూడ పనిచెయ్యయి. అసొంటి లెక్క చట్టంల లేదు.

ఇక్కడ కొట్లాడుడు తప్పు. సవరించుకునుడే మంచిది. స్టూడియోలనే ఆ ముక్కను కత్తిరించొచ్చు, ఆ పాటను మూయొచ్చు, లేకుంటే వేరే పాట పెట్టొచ్చు. వీడియో లింకు మారదు, వ్యూస్ పోవు. పాట ఒక్కదాన్ని తీసేసే ఏర్పాటు ఉన్నది గని, డీజే చప్పుడుల మాటలు మునిగిపోయిన కాడ అది సాఫుగ రాదు. మనోడు ఆ యాభై ఐదు సెకన్లు కత్తిరించిండు. కొంత సేపటికి ఆ క్లెయిమ్ దానంతట అదే పోయింది.

అసలు ముచ్చట రెండోది. 5:40 నుంచి 7:20 దాక. అక్కడ డీజే లేదు, మ్యూజిక్ లేదు. చప్పట్లు, ముసలవ్వ గొంతు, వెంబడి పాడే ఆడబిడ్డలు. తరాల నుంచి నోటితోని వస్తున్న పాట. దాని మీద ఒక కంపెనీ క్లెయిమ్! ఎట్లనంటే, అదే పాటను ఎవలో స్టూడియోల పాడి రికార్డు చేసిండ్రు. మిషిన్ రాగాన్ని కూడ పోలుస్తది. రాగం కలిసింది, మనది వాళ్లదనుకున్నది.

ఇక్కడ పాట వేరు, రికార్డు వేరు. ఊరి పాట రాసినోళ్లు ఎవలో తెల్వదు, అది అందరి సొత్తు. గని దాన్ని ఒక కంపెనీ రికార్డు చేస్తే ఆ రికార్డు మీద వాళ్లకు 60 ఏండ్లు హక్కు ఉంటది. ఆ రికార్డును మనం వాడొద్దు. మన అవ్వ నోటితోని పాడినదాన్ని వాళ్లు ఆపొద్దు. అయితే ఒక జాగ్రత్త. జానపదం లెక్క వినిపించే పాటలు అన్నీ పాతవి కావు. ఈ కాలం కవులు రాసినయి మస్తుగ ఉన్నయి. కవి బతికినంత కాలం, పోయినంక 60 ఏండ్లు ఆ పాట మీద హక్కు ఉంటది. అందుకే వాన్ని ముసలవ్వ దగ్గరికి పంపిన. మా నాయినమ్మ కాడ నేర్చుకున్న అని చెప్పింది. అప్పుడే డిస్ప్యూట్ చెయ్యుమన్న.

కారణాలల్ల Fair use అని ఒకటి ఉంటది. మన దగ్గర వార్తలకు, విమర్శకు, సమీక్షకు కొంత వెసులుబాటు ఉన్న మాట నిజమే గని, ఇది ఆ లెక్క కాదు. Public domain ఎంచుకున్నడు. వివరంల తిట్లు లేవు, ఏడుపు లేదు. నాలుగే మాటలు: ఇది సంప్రదాయ పాట, రాసినోళ్లు తెల్వదు, నా ఫోన్‌తోని ఫలానా తేదీన మా ఊర్లె తీసిన, పాడింది మా ఊరి ఆడోళ్లు, మీ రికార్డు ఇందుల ఒక్క సెకను కూడ లేదు. ఫోన్‌ల ఉన్న అసలు ఫైల్ తీసెయ్యద్దని చెప్పిన. రేపు అడిగితే అదే సాక్ష్యం.

క్లెయిమ్ పడ్డ ఐదు దినాలల్ల డిస్ప్యూట్ చేస్తే మొదటి దినం నుంచి వచ్చిన పైసలను యూట్యూబ్ పక్కకు పెడతది. ఎవలు గెలిస్తే వాళ్లకు ఇస్తది. ఐదు దినాలు దాటితే డిస్ప్యూట్ చేసిన కాన్నుంచే ఆపుతది, ముందటివి రావు. కంపెనీకి జవాబు ఇచ్చేతందుకు 30 దినాలు గడువు. జవాబు రాకుంటే క్లెయిమ్ పోతది. కాదంటే మనం అప్పీల్ చేయొచ్చు, దానికి వాళ్లకు 7 దినాలు. అప్పీల్ మీద కూడ కాదనాల్నంటే వాళ్లు వీడియో తీసేయమని చట్టప్రకారం అడగాలె, అంటే మనకు స్ట్రైక్. డిస్ప్యూట్ కాడనే అట్ల అడిగే వీలు కూడ వాళ్లకు ఉన్నది. అందుకే మొదటి క్లెయిమ్ అసొంటి దాని మీద అబద్ధం చెప్పి కొట్లాడొద్దు. మనోని రెండో క్లెయిమ్ పంతొమ్మిదో దినం కంపెనీయే వదులుకున్నది. ఆపిన పైసలు వానికే వచ్చినయ్.

ఇగ కొత్త వీడియోలకు మ్యూజిక్ కావాల్నంటే స్టూడియోల ఉన్న ఆడియో లైబ్రరీ మంచిది. అందుల కొన్నిటికి పేరు రాయనవసరం లేదు, క్రియేటివ్ కామన్స్ గుర్తు ఉన్నవాటికి అక్కడ ఇచ్చిన క్రెడిట్‌ను డిస్క్రిప్షన్‌ల పెట్టాలె. బయటి నుంచి తెచ్చే క్రియేటివ్ కామన్స్ పాటల మీద 'నాన్ కమర్షియల్' అని ఉంటే పైసలొచ్చే వీడియోల వాడొద్దు. 'నో కాపీరైట్' అని ఎవలో పెట్టిన ఛానెళ్లను నమ్మొద్దు, పెట్టినోనికే హక్కు ఉన్నదో లేదో. షార్ట్స్‌ల దొరికే పాటను పెద్ద వీడియోల అతికియ్యద్దు. అప్‌లోడ్ చేసేటప్పుడే Checks కాడ మిషిన్ ముందే చూసి చెప్తది, అది అయిపోయేదాక ఆగి అందరికి విడుదల చెయ్యాలె.

వాటన్నిటికంటే మంచిది మన ఊరి డప్పు, మన ఊరి గొంతు. డీజే బంద్ చేయించి పది నిమిషాలు రికార్డు చేసుకుంటే ఏడాదికి సరిపోతది. వాడుకుంట అని కళాకారులతోని కాగితం మీద రాయించుకోవాలె, పేరు వెయ్యాలె, వచ్చిన దాంట్ల ఇంత ఇయ్యాలె. నేను చెప్పినంక మనోడు ముసలవ్వ పేరు డిస్క్రిప్షన్‌ల మొదటి లైన్‌ల పెట్టిండు. కంపెనీ మన పాటను మనది కాదంటే మనకు కోపమొచ్చింది కదా. పాడిన అవ్వకు ఆమె పేరు ఇయ్యకుంటే మనం చేసేది కూడ అదే పని.