రెండో లైను అడిగే ఉత్తరం

ఇంటి నుంచి కాల్ సెంటర్ పని చేసేవారు మేనేజరుకు "నెట్ స్లోగా ఉంది" అని రాస్తే ఫలితం ఉండదు. ఒక కాల్‌కు సుమారు 100 కేబీపీఎస్ చాలు. మాట తెగడానికి తరచుగా కారణం వేగం కాదు, డేటా ప్యాకెట్లు దారిలో పోవడం. కాల్ తెగినప్పుడల్లా సమయం రాసుకోండి, ping ఫలితం స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి.

ఉత్తరం ఇలా ఉండొచ్చు: "మేనేజర్ గారికి, మంగళవారం 11.20కి ఫైబర్ తెగి 40 నిమిషాలు లాగిన్ పోయింది. ఆ సమయాన్ని గైర్హాజరుగా లెక్కించారు. నెలవారీ నెట్ బిల్లు గానీ, అదనంగా 4జీ డాంగిల్ గానీ ఇప్పించగలరు. బిల్లు, స్క్రీన్‌షాట్లు జతచేశాను."

డాంగిల్ ఎందుకంటే, రెండో కేబుల్ కూడా అదే స్తంభం మీదుగా వస్తే రెండూ ఒకేసారి తెగొచ్చు. అడిగేముందు ఇంట్లో ఏ మొబైల్ సిగ్నల్ బాగుందో చూసుకోండి.