ఏ ఆటోనగర్ అండీ?

హైదరాబాద్‌లో బ్రాంచ్ ఖాయమవగానే మా ఓనర్ గారు చేయించిన మొదటి పని ఫ్లయర్. పైన వినాయకుడు, పక్కన రిబ్బన్, కత్తెర, మధ్యలో ఆయన ఫొటో, కింద ముహూర్తం, ఆ తర్వాత విందు. ఆహ్వానపత్రికగా దానికి వంక పెట్టలేం. కానీ మన దగ్గర పదేళ్లుగా సరుకు కొంటున్న వర్క్‌షాప్ ఆయన దాన్ని ఫోన్‌లో చూసి ఏం తెలుసుకుంటాడు? సోమవారం నుంచి ఆర్డర్ ఎవరికి చెప్పాలి, బిల్లు ఎక్కణ్నుంచి వస్తుంది, డబ్బులు ఏ అకౌంట్‌కి వేయాలి? ఈ మూడింటిలో ఒక్కదానికీ అందులో జవాబు లేదు.

మాది విజయవాడ ఆటోనగర్‌లో బేరింగుల హోల్‌సేల్ వ్యాపారం. ఆర్డర్లు, ఉత్తరాలు, కస్టమర్లతో వాట్సాప్ అన్నీ నేనే చూస్తాను. అందుకే ఓనర్ గారితో చెప్పాను: ‘ఫ్లయర్ పండగకి సర్, ఉత్తరం పనికి. రెండూ వేరువేరుగా పంపిద్దాం.’ ఆయన ఒప్పుకున్నారు. (ఫొటో మాత్రం ఉత్తరంలోకి కూడా రావాలని కాసేపు పట్టుబట్టారు.)

ఉత్తరంలో అన్నిటికంటే ముందు రాయాల్సింది జీఎస్టీ సంగతి. బ్రాంచ్ గుంటూరులో పెట్టి ఉంటే ఈ గొడవే లేదు. ఒకే రాష్ట్రం కాబట్టి పాత రిజిస్ట్రేషన్‌లోనే అదనపు చిరునామాగా చేర్పిస్తే సరిపోయేది. రాష్ట్రం దాటి అక్కణ్నుంచి అమ్మితే మాత్రం అక్కడ వేరే రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. అంటే కస్టమర్ కంప్యూటర్‌లో మనం ఇకమీదట ఇద్దరు సప్లయర్లం.

ఒక లెక్క చూడండి. హైదరాబాద్ కస్టమర్ 40,000 రూపాయల బేరింగులు కొన్నాడనుకుందాం. పన్ను 18 శాతం. ఇన్నాళ్లూ సరుకు విజయవాడ నుంచి వెళ్లేది కాబట్టి బిల్లులో ఐజీఎస్టీ 7,200 అని ఒకటే లైను ఉండేది. ఇప్పుడు హైదరాబాద్ గోడౌన్ నుంచే వెళ్తుంది కాబట్టి సీజీఎస్టీ 3,600, ఎస్‌జీఎస్టీ 3,600 అని రెండు లైన్లు వస్తాయి. రెండు బిల్లుల మొత్తమూ 47,200 రూపాయలే. కట్టేవాడికి రూపాయి తేడా లేదు. తేడా అంతా అతని అకౌంటెంట్‌కే. ఆయన అలవాటు కొద్దీ కొత్త బిల్లును పాత నంబర్ కిందే ఎక్కించాడంటే, తర్వాతి నెల 14న పోర్టల్‌లో వచ్చే జీఎస్టీఆర్-2బీలో అదే బిల్లు ఇంకో నంబర్ కింద కనిపిస్తుంది. పుస్తకాలు, పోర్టల్ కలవవు. అక్కణ్నుంచి మనకు ఫోన్లు మొదలు. ‘మీ బిల్లు తేలేదాకా పేమెంట్ ఆపమన్నారండీ’ అనే మాట కూడా అప్పుడే వినిపిస్తుంది.

మరి అది నిజంగా మన నంబరేనని కస్టమర్‌కి ఎలా తెలుస్తుంది? జీఎస్టీ నంబర్లో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి. ఆంధ్రప్రదేశ్‌కి 37, తెలంగాణకి 36. తర్వాతి పది అక్షరాలు పాన్. కాబట్టి పాతది `37ABCDE1234F` అని మొదలైతే కొత్తది `36ABCDE1234F` అని మొదలవ్వాలి. ఆ పదీ మారాయంటే అది మన సంస్థ కాదు. చివర్లో అంకె తేడా వస్తుంది, అది కంగారుపడాల్సింది కాదు. `www.gst.gov.in`లో నంబర్ కొట్టి చూస్తే పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ నడుస్తోందా లేదా అన్నీ ఎవరైనా చూసుకోవచ్చు. ఈ చిట్కాని ఉత్తరంలోనే రాసేశాను. చాలామంది అకౌంటెంట్లకు తెలిసిందే అయినా, మనమే చూసుకోమని చెబితే వాళ్లకు ధీమా.

ఇక చిరునామా. మా బ్రాంచ్ కూడా ఆటోనగర్‌లోనే! విజయవాడలో ఆటోనగర్, హైదరాబాద్‌లో వనస్థలిపురం పక్కన ఆటోనగర్. గుంటూరులోనూ ఉంది, విశాఖలోనూ ఉంది. ‘ఆటోనగర్ బ్రాంచ్‌కి పంపండి’ అని రాస్తే పార్సిల్ ఆఫీసు కుర్రాడు ఏ ఊరి లారీ ఎక్కిస్తాడో ఆ దేవుడికే తెలియాలి. అందుకే చిరునామా ఉన్నదున్నట్టు రాసి, బ్రాంచ్ పేరు మాత్రం ‘వనస్థలిపురం బ్రాంచ్’ అని పెట్టాం. బిల్లు, బోర్డు, వాట్సాప్ ప్రొఫైల్ అన్నిచోట్లా అదే. పాతది ‘విజయవాడ ఆఫీస్’. ఆటోనగర్ అనే మాటని ఊరి పేరు లేకుండా ఎక్కడా వాడకూడదని మాలో మాకే ఒక రూలు.

లొకేషన్ పిన్ మెయిన్ రోడ్డు మీద కాకుండా సరుకు దించే గేటు దగ్గర పెట్టాం. కౌంటర్‌కి వచ్చే మనిషి ఎలాగోలా కనుక్కుంటాడు, లారీ తప్పు సందులోకి దూరితే వెనక్కి రావడం మామూలు తలనొప్పి కాదు. పిన్ సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి ఎప్పుడూ అటు రాని ఆటో డ్రైవర్‌ని ఎల్బీ నగర్ మెట్రో దగ్గర మాట్లాడుకుని, ఫోన్ చేతికిచ్చి, నోరు మూసుకుని వెనక కూర్చున్నాను. నేరుగా గేటు దగ్గరే ఆపాడు.

ఫోన్ నంబర్లు పనిని బట్టి ఇచ్చాం. ఆర్డర్లకు ఒకటి, డెలివరీకి ఒకటి, బిల్లులకు ఒకటి. మూడు సిమ్‌లూ సంస్థ పేరు మీదే. ఉద్యోగి సొంత నంబర్ ఇస్తే రేపు ఆ అబ్బాయి ఉద్యోగం మానేసినప్పుడు కస్టమర్లంతా అతని ఫోన్‌లోనే వెళ్లిపోతారు.

చివరికి ఉత్తరం ఇలా తయారైంది:

‘నమస్కారం. జూన్ 1, సోమవారం నుంచి తెలంగాణ కస్టమర్ల ఆర్డర్లు మా వనస్థలిపురం బ్రాంచ్ నుంచి వస్తాయి. ఆ రోజు నుంచి అక్కడ లోడ్ చేసిన సరుకుకు 36తో మొదలయ్యే జీఎస్టీ నంబర్ మీద బిల్లు ఇస్తాం. మీరు ఆర్డర్ ఎప్పుడు పెట్టారన్నది కాదు, సరుకు ఎక్కణ్నుంచి బయల్దేరిందన్నదే లెక్క. పాత బకాయిలు, పాత బిల్లుల మీద తిప్పి పంపే సరుకు విజయవాడ ఆఫీసే చూస్తుంది. వాటి క్రెడిట్ నోట్లు కూడా అక్కణ్నుంచే వస్తాయి. ధరలు, గడువు మారలేదు. బ్యాంక్ ఖాతా మారలేదు. మారిందని ఎవరు చెప్పినా, మీ దగ్గర ఎప్పటినుంచో ఉన్న మా పాత నంబర్‌కి ఫోన్ చేసి అడగకుండా డబ్బు పంపకండి. కౌంటర్ ఉదయం 9.30 నుంచి రాత్రి 7 వరకు. సరుకు దించేది సాయంత్రం 6 వరకే. ఆదివారం సెలవు.’

కింద చిరునామా, పిన్, మూడు కొత్త నంబర్లు, ఒక పాత నంబర్. అంతే. ‘మీ ఆదరాభిమానాలతో’ లాంటివి ఫ్లయర్‌లో చాలినన్ని ఉన్నాయి.

ఇదే ఉత్తరం డీలర్లకు పంపి ఉంటే కొంప మునిగేది. రాణిగంజ్‌లో మా సరుకు తీసుకుని వర్క్‌షాప్‌లకు అమ్మే పెద్దాయన ఒకరున్నారు. బ్రాంచ్ మాట బజార్లో ఎవరో అన్నారట, నాకే ఫోన్ చేశారు. ‘ఏమ్మా, ఇన్నేళ్లు మేం అమ్మిపెట్టింది చాల్లేదా? ఇప్పుడు మీరే దిగుతున్నారా?’ ఆయన కోపంలో న్యాయం ఉంది. కస్టమర్‌కి బ్రాంచ్ అంటే సరుకు దగ్గరికి రావడం. డీలర్‌కి మాత్రం పక్క వీధిలో పోటీ.

ఓనర్ గారు మర్నాడే బయల్దేరి ఆయన షాపుకి వెళ్లి కూర్చున్నారు. మూడు విషయాలు తేల్చుకున్నారు. ఆయన పాత కస్టమర్ల జాబితా ఆయనే ఇస్తారు, వాళ్లకు మేం నేరుగా బిల్లు చేయం. వాళ్లెవరైనా కౌంటర్‌కి వస్తే ఆయన దగ్గరికే పంపుతాం. విడిగా ఒకటీ రెండూ బేరింగులు మా కౌంటర్లో అమ్మం, పెట్టెల లెక్కే. ఇవన్నీ కాగితం మీద రాసి సంతకం పెట్టాకే కస్టమర్ల ఉత్తరం బయటికి వెళ్లింది. తెగని ముక్క ఒకటుంది. కొత్తగా వచ్చేవాడు ఎవరి కస్టమర్? ముందు ఎవరు కొటేషన్ ఇస్తే వాళ్లవాడని ప్రస్తుతానికి అనుకున్నాం. దాని మీద నెలకోసారి గొడవ పడుతూనే ఉన్నాం.

పంపడం కూడా తేలిక కాదు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ మన నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. కొత్త సిమ్ నుంచి పంపితే ఎవరికీ వెళ్లదు, మనకేమో పంపేశామనే భ్రమ. అందుకని పాత నంబర్ నుంచే పీడీఎఫ్ పంపాం. ఎక్కువ సరుకు కొనేవాళ్లకు ముందు ఫోన్ చేసి చెప్పాను, అకౌంటెంట్ల మెయిల్‌కి విడిగా పంపాను. ఓనర్‌కి పంపితే ఆయన ‘కంగ్రాట్స్’ అని బొకే బొమ్మ పెట్టి వదిలేస్తాడు. బిల్లు ఎక్కించే మనిషికి సంగతే తెలియదు.

ఉత్తరం వెళ్లిన తొమ్మిదో రోజు జీడిమెట్ల నుంచి ఒక అకౌంటెంట్ మేడమ్ పాత నంబర్‌కే చేశారు. ‘మీ లోగోతో మెసేజ్ వచ్చిందమ్మా. కొత్త బ్రాంచ్‌కి కొత్త అకౌంట్ అట, ఈ నెల పేమెంట్ అందులోకి వేయమన్నారు. మీరు మారలేదన్నారు కదా అని అడుగుతున్నా.’ ఎవరి ఫోన్ నుంచి లీకైందో గానీ, మా ఫ్లయర్‌లోని లోగోనే కత్తిరించి పెట్టాడు ఆ ఘనుడు. బ్రాంచ్ మారింది, బిల్లు మారింది, నంబర్లు మారాయి. ఆ ఊపులో అకౌంటూ మారిందంటే ఎవరైనా నమ్మేస్తారు. మేడమ్ ఆ మెసేజ్‌లో ఉన్న నంబర్‌కి చేసి ఉంటే ‘అవును మేడమ్, మాదే’ అని వాడే చెప్పేవాడు.

ఆ సాయంత్రం కస్టమర్లందరికీ రెండు లైన్లు పంపాం: మా ఖాతా పాతదే, పొరపాటున ఎవరైనా వేరే ఖాతాకు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, మీ బ్యాంకుకూ చెప్పండి. జూన్ 1 నుంచి ప్రతి బిల్లు కింద ఖాతా నంబర్ పక్కన ‘2 రాష్ట్రాలకూ ఇదే’ అని అచ్చు వేయిస్తున్నాం.